కొనుగోలుదారు దివాలా తీస్తే "సరుకు మాదే" అన్న షరతు ఎంతవరకు ఆదుకుంటుంది?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని ఒక పంపుసెట్ల తయారీ కంపెనీకి కొన్నేళ్లుగా మోటార్లు, రాగి వైండింగ్ వైరు పంపుతున్నాం. మాకు 90,000 పౌండ్లు రావాలి. ఇంతలో ఆ కంపెనీ అప్పులు తీర్చలేక క్రెడిటర్స్ వాలంటరీ లిక్విడేషన్‌లోకి, అంటే కోర్టు ఆదేశం లేకుండా తానే మూసివేతలోకి, వెళ్లిందని ఉత్తరం వచ్చింది. మా ఇన్వాయిస్ వెనక ఇలా ఉంది: "మాకు రావాల్సిన మొత్తం బాకీ తీరేవరకు సరుకు మాదే. దానితో తయారైన వస్తువులూ మావే. అవి అమ్మగా వచ్చిన డబ్బూ మాదే." ఒప్పందానికి ఇంగ్లండ్ చట్టం వర్తిస్తుందని కూడా రాశాం. అక్కడి స్టోర్స్ మేనేజర్ పంపిన స్టాక్ లిస్టు జత చేస్తున్నాను. కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఫారం పంపుతాం, నింపండి" అన్నారు. సరుకంతా వెనక్కి తెచ్చుకోవచ్చా? లేకపోతే దాని విలువైనా మొత్తం రాబట్టుకోవచ్చా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మొత్తం రాదండి. మీ లిస్టు చూశాక నాకు అనిపించేది, 90,000లో సుమారు 39,000 పౌండ్ల సరుకు మీద మీరు గట్టిగా నిలబడగలరు. మిగతా 51,000కి మీ క్లాజ్ చదవడానికి బాగానే ఉంటుంది కానీ కోర్టులో నిలవదు. ఎందుకో చెప్పే ముందు ఒక పని. ఫారం వచ్చేదాకా ఆగకండి. ఈరోజే లిక్విడేటర్‌కు ఈమెయిల్ రాయండి. ఫలానా సీరియల్ నంబర్ల మోటార్లు, ఫలానా బ్యాచ్ వైరు మావి, డబ్బు అందేదాకా యాజమాన్యం మాదే అనే టైటిల్ రిటెన్షన్ క్లాజ్ కింద క్లెయిమ్ చేస్తున్నాం, మా రాతపూర్వక అనుమతి లేకుండా వాడవద్దు, అమ్మవద్దు అని అందులో స్పష్టంగా చెప్పండి. క్లాజ్ కాపీ, ఇన్వాయిస్ కాపీలు జత చేయండి.

ఇంత తొందర ఎందుకంటే, అక్కడి ఇన్సాల్వెన్సీ చట్టం (1986) సెక్షన్ 234 లిక్విడేటర్‌కు ఒక రక్షణ ఇస్తుంది. కంపెనీది కాని ఆస్తిని తనకు హక్కుందని నమ్మి, ఆ నమ్మకానికి సరైన కారణం ఉండి అమ్మేస్తే, తన సొంత నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి తప్ప ఆయన వ్యక్తిగతంగా బాధ్యుడు కాడు. మీ ఈమెయిల్ చేతికందాక, అందులో సీరియల్ నంబర్లతో సహా వివరాలుంటే, "నాకు తెలియదు" అనే దారి దాదాపు మూసుకుపోతుంది. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆ బలం లేదు. లిక్విడేషన్ మొదలైన తొలి రోజుల్లోనే స్టాక్ ఎక్కువగా చేతులు మారుతుంది. వేలానికి ఏజెంట్లు వస్తారు, సగం తయారైన ఆర్డర్లు పూర్తి చేసి అమ్మేస్తారు.

ఇక అసలు విషయం. లిక్విడేటర్ అడిగే మొదటి ప్రశ్న క్లాజ్‌లో ఏముంది అని కాదు, ఆ క్లాజ్ ఒప్పందంలో ఉందా అని. మీది ఇన్వాయిస్ వెనక ఉంది. ఆర్డర్ వచ్చి, మీరు ఒప్పుకుని, సరుకు బయల్దేరాక ఇన్వాయిస్ వెళ్తుంది. అప్పటికి ఒప్పందం అయిపోయింది. అయిపోయిన ఒప్పందంలోకి ఒక పక్షం తర్వాత కొత్త షరతు చొప్పించలేదు. చాలామంది సప్లయర్ల క్లెయిమ్‌లు ఇక్కడే పడిపోతాయి. సరుకు స్టోర్స్‌లో కళ్ల ముందే ఉన్నా లాభం ఉండదు.

మీకు అనుకూలంగా ఒక వాదన ఉంది. కొన్నేళ్లుగా, ప్రతిసారీ, ఒకే షరతులున్న ఇన్వాయిస్ వెళ్లింది, వాళ్లు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. ఇలా క్రమం తప్పకుండా సాగిన వ్యవహారం వల్ల తర్వాతి ఒప్పందాల్లోకి ఆ షరతులు వచ్చి చేరతాయని ఇంగ్లండ్ కోర్టులు ఒప్పుకుంటాయి. కాబట్టి పాత ఇన్వాయిస్‌లన్నీ వెతికి తీయండి. ముందు పేజీ మాత్రమే స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపిన రోజులుంటే అది పెద్ద చిక్కు, ఎందుకంటే వెనక పేజీ వాళ్లకు చేరనే లేదు. వాళ్ల పర్చేజ్ ఆర్డర్ కింద చిన్న అక్షరాల్లో "మా షరతులే వర్తిస్తాయి" అని ఉందేమో కూడా చూడండి. ఉంటే ఎవరి కాగితం చివరిగా వెళ్లింది, దాన్ని ఎదుటివాళ్లు నడత ద్వారా ఒప్పుకున్నారా అన్న గొడవ మొదలవుతుంది. అకౌంట్ తెరిచినప్పుడు వాళ్లు సంతకం చేసిన ఫారం ఏదైనా ఉండి, అందులో మీ షరతులుంటే, ఈ గొడవంతా ఒక్క కాగితంతో పోతుంది. ముందు దాని కోసం వెతకండి.

షరతులు ఒప్పందంలో ఉన్నాయనే అనుకుని లిస్టులోకి వెళ్దాం. మీ బాకీ 100 మోటార్లకు, ఒక్కోటి 600 పౌండ్ల చొప్పున 60,000. 200 రీళ్ల వైరుకు, రీలు 150 చొప్పున 30,000. మోటార్లలో 30 ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. 25 పంపుసెట్లకు బిగించి ఉన్నాయి. 45 అమ్ముడైపోయాయి. వైరులో 80 రీళ్లు మిగిలాయి, 120 వాడేశారు.

పెట్టెల్లోని 30 మోటార్లు మీ కేసులో బలమైన భాగం. వాటి విలువ 18,000. డబ్బు అందేవరకు యాజమాన్యం తన దగ్గరే ఉంచుకునే హక్కు అమ్మకందారుకు ఉందని సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం (1979) సెక్షన్ 19 చెబుతుంది. ఇలాంటి సాదా క్లాజ్ తాకట్టు కాదు, రిజిస్టర్ చేయనక్కర్లేదు అని క్లఫ్ మిల్ కేసులో అప్పీల్ కోర్టు తేల్చింది. అక్కడ సరుకు నూలు. కొనుగోలుదారు ఎన్నడూ యజమాని కాలేదు కాబట్టి, తనది కాని దాన్ని తాకట్టు పెట్టే ప్రసక్తే లేదన్నది కోర్టు తర్కం. బ్యాంకుకు ఆ కంపెనీ ఆస్తులన్నిటి మీదా, మారుతూ ఉండే స్టాక్‌ను కూడా అప్పుకు హామీగా పట్టే ఫ్లోటింగ్ చార్జ్ ఉన్నా, మీ 30 మోటార్లు ఆ వలలో పడవు.

ఒక్కటే అడ్డు. ఈ 30 మోటార్లు మీరు పంపినవే అని, అదీ బాకీ ఉన్న కాలంలో పంపినవే అని రుజువు చేయాల్సింది మీరే. మీ క్లాజ్ "మొత్తం బాకీ తీరేవరకు" అని ఉండటం ఇక్కడ అదృష్టం. "ఈ ఇన్వాయిస్ డబ్బు అందేవరకు" అని ఉండి ఉంటే, ప్రతి మోటారునూ ఒక్కో చెల్లించని ఇన్వాయిస్‌తో జతపరచాల్సి వచ్చేది. ఇలా మొత్తం బాకీకి కట్టిన క్లాజ్ చెల్లుతుందని స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆర్మర్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఒప్పుకుంది. అయితే లెడ్జర్‌లో ఒక విషయం చూడండి. వాళ్ల అకౌంట్ ఎప్పుడైనా, ఒక్కరోజైనా, సున్నాకు వచ్చిందా? వస్తే ఆరోజు దాకా పంపిన సరుకంతా శాశ్వతంగా వాళ్లదైపోయింది. మర్నాడు కొత్త బాకీ మొదలైనా ఆ పాత సరుకు మీకు తిరిగి రాదు. లిక్విడేటర్ మనుషులకు ఈ లెక్క బాగా తెలుసు. స్టేట్‌మెంట్ అడిగేది అందుకే.

బిగించిన 25 మోటార్ల సంగతి ఆసక్తికరం. వేరే వస్తువుకు అమర్చగానే మోటారు మీది కాకుండా పోదు. హెండీ లెనాక్స్ కేసులో డీజిల్ ఇంజన్లను జనరేటర్ సెట్లకు బిగించారు. ప్రతి ఇంజన్ మీదా సీరియల్ నంబర్ ఉంది, బోల్టులు విప్పితే కొన్ని గంటల్లో చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. కాబట్టి అది ఇంకా సప్లయర్ ఇంజనే అన్నారు. మీ మోటార్లూ బోల్టుల మీదే ఉంటాయి, నేమ్‌ప్లేట్ మీద నంబర్ ఉంటుంది. వెల్డింగ్ చేసి ఉంటే కథ వేరు.

కానీ అదే కేసులో సప్లయర్‌కు ఎదురుదెబ్బ కూడా తగిలింది. కొన్ని సెట్లు అప్పటికే ఫలానా కస్టమర్‌కని కేటాయించి, డెలివరీకి సిద్ధంగా ఉన్నాయి. అవి ఇంకా గోడౌన్ దాటకపోయినా యాజమాన్యం ఆ కస్టమర్లకు వెళ్లిపోయిందని కోర్టు చెప్పింది. వ్యాపారంలో భాగంగా అమ్ముకోమని సప్లయరే అనుమతించాడు కదా! మీ లిస్టులో 25 పంపుసెట్లలో 10కి కస్టమర్ పేరుతో ట్యాగ్ ఉంది, "డిస్పాచ్‌కు సిద్ధం" అని రాశారు. నేనైతే ఆ 10 మీద ఆశ పెట్టుకోను. మిగతా 15కి, అంటే 9,000 పౌండ్లకు, పట్టు వదలకండి. తీసేటప్పుడు పంపు పాడైతే ఆ ఖర్చు మీ మీద పడుతుంది. కాబట్టి విప్పే పని మీ మెకానిక్‌తో, లిక్విడేటర్ మనిషి ఎదుట జరగనివ్వండి.

వైరులో మిగిలిన 80 రీళ్లు, 12,000 పౌండ్లు, మోటార్లలాగే మీవి. రీలు సగం వాడినా మిగిలిన సగం మీదే. కాకపోతే రీలు మీద మీ లేబుల్, బ్యాచ్ నంబర్ ఉండాలి. వాళ్లు మరో సప్లయర్ దగ్గర కూడా అదే గేజ్ వైరు కొని, లేబుళ్లు పీకేసి ఒకే ర్యాక్‌లో పడేసి ఉంటే, ఏది ఎవరిదో తేల్చలేక ఇబ్బంది పడతారు.

వాడేసిన 120 రీళ్ల గురించే మీరు ఎక్కువ ఆశతో ఉన్నారని ఉత్తరం చూస్తే అనిపించింది. "దానితో తయారైన వస్తువులూ మావే" అని రాసుకున్నాం కదా అని. ఇక్కడే కోర్టులు మొండికేస్తాయి. కాయిల్‌గా చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో కాల్చిన వైరును తిరిగి వైరుగా తీయలేం. తీస్తే వచ్చేది రాగి తుక్కు. ఆ వైరు, వైరుగా, ఇక లేదు. బోర్డెన్ కేసులో సప్లయర్ ఇచ్చిన రెసిన్‌ను చెక్కపొట్టుతో కలిపి చిప్‌బోర్డు చేశారు. బోర్డు తయారవగానే రెసిన్ అనేది లేకుండా పోయింది, దానితో పాటే సప్లయర్ హక్కూ పోయిందని అప్పీల్ కోర్టు అంది. చిప్‌బోర్డు మీద హక్కు కావాలంటే ఒప్పందంలో విడిగా రాసుకోవాలని కూడా అంది.

మరి మీరు విడిగా రాసుకున్నారు. అయినా చాలదు. పీచ్‌డార్ట్ కేసులో తోలు సప్లయర్ సరిగ్గా అలాగే రాసుకున్నాడు. తోలు కోసి హ్యాండ్‌బ్యాగులు కుట్టడం మొదలుపెట్టాక ఆ బ్యాగు మీద సప్లయర్‌కు ఉన్నది యాజమాన్యం కాదు, బాకీకి భద్రతగా ఉన్న చార్జ్ మాత్రమే అన్నాడు జడ్జి. కారణం మనకు నచ్చకపోయినా అర్థమవుతుంది. ఆ బ్యాగులో కొనుగోలుదారు కూలీ ఉంది, జిప్పులు, దారం, వేరే సప్లయర్ల సరుకు ఉంది. తోలు బాకీ కోసం బ్యాగు మొత్తం తోలు సప్లయర్‌కే చెందాలని ఇద్దరూ నిజంగా అనుకుని ఉంటారా? బాకీ తీరేదాకా హామీగా ఉండాలనే అనుకుని ఉంటారు. హామీ అయితే అది చార్జ్.

చార్జ్ అన్న మాట పడగానే మీ పని అయిపోయినట్టే. ఒక కంపెనీ తన ఆస్తి మీద సృష్టించిన చార్జ్‌ను అక్కడి కంపెనీస్ చట్టం (2006) ప్రకారం 21 రోజుల్లో కంపెనీస్ హౌస్‌లో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే లిక్విడేటర్ మీద, ఇతర అప్పులవాళ్ల మీద అది చెల్లదు. ప్రతి ఇన్వాయిస్‌కూ చార్జ్ రిజిస్టర్ చేసే సప్లయర్‌ను నేను చూడలేదు. చేస్తామన్నా కొనుగోలుదారు బ్యాంకు ఊరుకోదు. కాబట్టి ఆ 18,000 పౌండ్ల వైరు మామూలు బాకీ కిందికి వస్తుంది.

అమ్ముడైపోయిన 45 మోటార్లకూ ఇదే గతి. కస్టమర్ల దగ్గరికి వెళ్లి అడగలేరు. మీ క్లాజ్ సంగతి తెలియకుండా, నిజాయితీగా కొని డెలివరీ తీసుకున్నవాళ్లకు సెక్షన్ 25 కింద మంచి హక్కు వచ్చేసింది. ఇక మిగిలింది ఆ అమ్మకం డబ్బు. ఈ రకం క్లాజ్‌లకు పేరు తెచ్చిన రొమాల్పా కేసు 1976లో ఇచ్చిన ఆశ ఇప్పటికీ సప్లయర్ల మనసుల్లో ఉంది. డచ్ సప్లయర్ అల్యూమినియం ఫాయిల్ అమ్మాడు. వాడని ఫాయిల్ తిరిగి దక్కింది. మార్చకుండా అమ్మిన ఫాయిల్ తాలూకు 35,152 పౌండ్లూ దక్కాయి. కానీ అక్కడ కలిసొచ్చినవి రెండు. ఆ డబ్బును, కొనుగోలుదారు ఆస్తులు తన చేతిలోకి తీసుకున్న రిసీవర్ విడి ఖాతాలో పెట్టాడు. సరుకును కొనుగోలుదారు సప్లయర్ తరఫున అట్టిపెట్టుకున్నట్టే అని రిసీవర్ వైపు వాళ్లే ఒప్పేసుకున్నారు. తర్వాత వచ్చిన కేసుల్లో ఎవరూ అలా ఒప్పుకోలేదు. గాలెక్స్, అబర్‌కార్న్ కేసుల్లో అమ్మకం డబ్బు మీద సప్లయర్‌కు ఉన్నది రిజిస్టర్ కాని చార్జే అని తేల్చారు.

మీ విషయంలో వాళ్లు అమ్మిన డబ్బును ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో వేసి జీతాలకు, అద్దెకు వాడేశారు. మీరు 60 రోజుల గడువు ఇచ్చారు, ఈలోగా డబ్బు విడిగా ఉంచాలని ఎప్పుడూ అడగలేదు. డబ్బు మీదే అయితే అరవై రోజులు వాళ్లు వాడుకోవడానికి ఎలా ఒప్పుకున్నారు అని అడుగుతారు. దానికి మంచి జవాబు లేదు. ఈ ముక్క మీద లాయర్‌కు ఫీజు తగలేయకండి అనే నేను చెబుతాను.

ఒక జాగ్రత్త. మీ క్లాజ్ చదివి లిక్విడేటర్ "మీది మొత్తం చార్జే, చెల్లదు" అని జవాబు రాయవచ్చు. అది సరికాదు. చెల్లని భాగం ఉందని చెల్లే భాగం పోదు. తయారైన వస్తువుల మీద, అమ్మకం డబ్బు మీద క్లాజ్ ఓడినా, మార్పు చెందని సరుకు మీద అది విడిగా నిలబడుతుంది. అందుకే క్లెయిమ్‌ను కూడా విడివిడిగా రాయండి: పెట్టెల్లోని మోటార్లు, బిగించినవి, మిగిలిన రీళ్లు. ముందే అన్నీ కలిపి 90,000 అని రాస్తే, బలమైనవి కూడా బలహీనమైన వాటితో కలిసి బేరంలో కొట్టుకుపోతాయి.

తర్వాత చేయాల్సింది, స్టాక్ చూడటానికి తేదీ అడగండి. మీరు వెళ్లలేకపోతే అక్కడ ఒకరిని పంపండి. ప్రతి నేమ్‌ప్లేట్‌కు, రీలు లేబుల్‌కు ఫొటో తీసి, లిస్టు రాసి, లిక్విడేటర్ మనిషితో సంతకం చేయించుకోండి. సరుకు మీదే అయినా తాళం తీయించి లారీలో ఎక్కించుకుని రావడం కుదరదు. ఆ స్థలం మీది కాదు. ఆర్డర్లు పూర్తి చేయడానికి కొన్ని మోటార్లు కావాలని లిక్విడేటర్ అడిగితే కాదనకండి, కానీ "వాడిన వాటికి ఇంత ధర చెల్లిస్తాను" అని ముందే రాతలో హామీ తీసుకోండి. అలా వచ్చే డబ్బు లిక్విడేషన్ ఖర్చు కింద రావాలి, బాకీల వరుసలో కాదు. తరచూ ఇదే సప్లయర్‌కు లాభం, ఎందుకంటే 30 మోటార్లను ఓడలో వెనక్కి తెచ్చుకోవడం ఖర్చుతో కూడిన పని. ఇన్వాయిస్ ధరకంటే తక్కువే ఇస్తామంటారు. రవాణా, మళ్లీ అమ్మే ఖర్చు లెక్కేసి, అంతకంటే మెరుగైతే ఒప్పుకోండి.

వాలంటరీ లిక్విడేషన్ కాబట్టి దావా వేయడానికి కోర్టు అనుమతి ముందే తీసుకోవాల్సిన నియమం మీకు లేదు. అయితే దావా ఆపమని లిక్విడేటర్ కోర్టును అడగవచ్చు. కోర్టు ఆదేశంతో జరిగే కంపల్సరీ లిక్విడేషన్ అయితే అనుమతి తప్పనిసరి. అదే కంపెనీని కాపాడే ప్రయత్నంగా జరిగే అడ్మినిస్ట్రేషన్ అయి ఉంటే, అడ్మినిస్ట్రేటర్ లేదా కోర్టు ఒప్పుకోకుండా సరుకు వెనక్కి తీసుకోవడమే నిషేధం.

మిగిలిన 51,000కి అప్పుల రుజువు ఫారం నింపండి. వెనక్కి తీసుకున్న సరుకు విలువ మినహాయించి రాయాలి, ఒకే మోటారుకు సరుకూ డబ్బూ రెండూ అడగలేరు. ఆ వరుసలో మీకంటే ముందు లిక్విడేషన్ ఖర్చులు, ఉద్యోగుల బాకీల్లో కొంత, 2020 డిసెంబర్ నుంచి కొన్ని పన్ను బాకీలు, ఆపై ఫ్లోటింగ్ చార్జ్ ఉన్న బ్యాంకు ఉంటాయి. బ్యాంకుకు వెళ్లే డబ్బులోంచి మీలాంటి వాళ్ల కోసం చట్టం కొంత భాగం పక్కన పెట్టిస్తుంది. పౌండ్‌కు కొన్ని పెన్నీలు వస్తే వచ్చినట్టు.

ఉత్తరంలో మీరు రాయని విషయం ఒకటి. ఈ కంపెనీ కోసం బయల్దేరి ఇంకా దారిలో ఉన్న కంటెయినర్ ఏమైనా ఉందా? ఉంటే లిక్విడేటర్‌కు రాసే ఈమెయిల్‌తో పాటే షిప్పింగ్ లైన్‌కు కూడా రాయండి. కొనుగోలుదారు దివాలా తీస్తే దారిలో ఉన్న సరుకును ఆపే హక్కు డబ్బు అందని అమ్మకందారుకు ఉంది. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 44 నుంచి 46 సెక్షన్లు దాని గురించే. దీనికి టైటిల్ రిటెన్షన్ క్లాజ్‌తో పనే లేదు, ఇన్వాయిస్ వెనక ఏం రాసి ఉందన్న గొడవా లేదు. తిరిగి తెచ్చే ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఓడ సరుకుకు హక్కు పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్ ఇప్పటికే వాళ్ల చేతికి వెళ్లి, వాళ్లు దాన్ని డబ్బిచ్చి నిజాయితీగా కొన్న మరొకరికి బదిలీ చేసి ఉంటే మాత్రం ఈ హక్కు పోతుంది. కాబట్టి ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుందో ముందు మీ బ్యాంకును అడగండి.